గెయిన్స్ చార్ట్‌లో ఎక్కడ ఆగాలి?

ప్రశ్న: గుంటూరులో ఎంబీఏ రెండో సంవత్సరం చదువుతున్నాను. విజయవాడలో ఒక ఇంటర్వ్యూలో గెయిన్స్ చార్ట్ చూపించి, ఎంతమంది కస్టమర్లకు ఫోన్ చేయిస్తావని అడిగారు. 30 శాతం దగ్గర కూడా లిఫ్ట్ 2 దాటి ఉంది కదా, అక్కడి వరకూ అన్నాను. తప్పన్నారు. ఎందుకండీ?

జవాబు: లిఫ్ట్ అంటే ఎంచుకున్నవాళ్లలో కొనేవాళ్లు మొత్తం సగటు కంటే ఎన్ని రెట్లో చెప్పే అంకె. మీరు చదివిన లిఫ్ట్ మొదటి నుంచి అక్కడి వరకూ కలిపిన సగటు. ముందు వరసలో ఉన్న మంచి కస్టమర్లు వెనకవాళ్ల లోటును అందులో కప్పేస్తారు.

బీసెంట్ రోడ్డులో ఒక బట్టల షాపు ఉందనుకుందాం. దసరా ముందు 10,000 మందికీ ఫోన్ చేస్తే 500 మంది కొన్నారు, అంటే నూటికి ఐదుగురు. ఎవరు కొంటారో అంచనా వేసే మోడల్ ఇచ్చిన స్కోరు ప్రకారం పైనుంచి కిందికి పేర్చి, వెయ్యేసి మందిని ఒక డెసైల్‌గా విడగొట్టారు. (మోడల్‌ను తయారుచేయడానికి వాడిన కస్టమర్ల మీదే ఈ చార్ట్ గీస్తే గీత ఉన్నదానికంటే అందంగా కనిపిస్తుంది. అందుకే వేరే కస్టమర్ల మీద గీయాలి.) మొదటి వెయ్యిలో 150 మంది, రెండో వెయ్యిలో 100, మూడో వెయ్యిలో 60 మంది కొన్నారు.

చార్ట్‌లో అడ్డంగా ఉండేది ఫోన్ చేసినవాళ్ల శాతం. నిలువుగా ఉండేది మొత్తం 500 మందిలో దొరికినవాళ్ల శాతం. 10 దగ్గర గీత 30కి, 20 దగ్గర 50కి, 30 దగ్గర 62కి చేరుతుంది. 62ను 30తో భాగిస్తే 2.07. మీ కంటికి ఆనింది ఇలాంటి అంకే.

ఇప్పుడు మూడో వెయ్యిని విడిగా చూడండి. 10 శాతం మందికి గీత అక్కడ 12 మెట్లే ఎక్కింది, అంటే ఆ డెసైల్ సొంత లిఫ్ట్ 1.2. ఒక్కో ఫోన్‌కు 10 రూపాయల ఖర్చు, కొన్న ఒక్కొక్కరి మీద 160 రూపాయల లాభం అనుకుంటే, 60 మంది తెచ్చేది 9,600, ఖర్చు 10,000. నాలుగొందలు చేతినుంచి పోయాయి. మొదటి రెండు డెసైళ్లతో ఆగితే 20,000 మిగులుతుంది. అందరికీ చేస్తే అంతే మొత్తం నష్టం. 10ని 160తో భాగిస్తే 6.25 శాతం. కొనేవాళ్లు అంతకంటే తగ్గిన డెసైల్ దగ్గర ఆపేయాలి. లిఫ్ట్ ఒక్కటే చూసి ఎక్కడ ఆపాలో చెప్పలేం. ఖర్చూ లాభమూ అడగాలి. ఇంటర్వ్యూలో వాళ్లు ఎదురుచూసింది ఆ ప్రశ్న కోసమే అనుకుంటాను.

ఇంకో సంగతి, నాకు ఇది మరీ ముఖ్యం. ఆ మొదటి వెయ్యి మంది ఏటా దసరాకు వచ్చే పాత కస్టమర్లే అయితే? వాళ్లలో కొందరిని లాటరీలా తీసి ఫోన్ చేయకుండా వదిలేయండి. ఫోన్ చేసినవాళ్లలో 15 శాతం, చేయనివాళ్లలో 12 శాతం కొన్నారనుకోండి. ఫోన్ తెచ్చింది నూటికి ముగ్గురినే. 480 రూపాయల లాభానికి వెయ్యి ఖర్చయింది. మొదటి డెసైల్ లిఫ్ట్ మాత్రం చార్ట్‌లో ఇప్పటికీ 3 అనే ఉంటుంది.