డిశ్చార్జి సమ్మరీలో ఒక్క వాక్యం: క్లెయిమ్ ఎక్కడ ఆగింది, ఎలా కదపాలి?

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. మా అమ్మ పేరున 2023 మార్చిలో 5 లక్షల ఆరోగ్య బీమా తీసుకున్నాం. పాలసీ ఇచ్చే ముందు కంపెనీవాళ్లే వైద్య పరీక్షలు చేయించారు. 2024 నవంబరులో మొదటిసారి బీపీ బయటపడింది. 2025 ఆగస్టులో స్వల్పంగా పక్షవాతం వచ్చి నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉంది. బిల్లు 1,86,400 రూపాయలు మేమే కట్టి, తర్వాత క్లెయిమ్ పెట్టాం. సమ్మరీలో ‘పదేళ్లుగా బీపీ’ అని ఉందని, ఆ సంగతి దాచామని తిరస్కరించారు. పాలసీదారుల అవగాహన సమావేశంలో బ్రాంచి మేనేజరు గారు కాగితాలు సరిగా ఉంటే క్లెయిమ్ ఆగదన్నారు. ఆ సభలో మీరూ ఉన్నారు కదా. మా కాగితాలన్నీ ఉన్నాయి. మరి ఇదేమిటి? – ఒక పాఠకురాలు

జవాబు: ఉన్నానండీ, వెనక వరుసలో కూర్చుని ఆయన మాటలు రాసుకున్నాను కూడా. పది నిమిషాల ప్రసంగంలో మీకు పనికివచ్చే భాగం ఇది: “క్లెయిమ్ వచ్చినప్పుడు మా దగ్గర పరిశీలించేవారు మీ ముఖం చూడరు, మీ మాట వినరు. వారి బల్ల మీద రెండు కాగితాలు ఉంటాయి. ఒకటి పాలసీ తీసుకున్నప్పుడు మీరు సంతకం చేసిన ప్రపోజల్ ఫారం, రెండోది ఆసుపత్రి ఇచ్చిన డిశ్చార్జి సమ్మరీ. ఆ రెండూ ఒకే మాట చెబితే క్లెయిమ్ కదులుతుంది, వేర్వేరు మాటలు చెబితే ఆగుతుంది. కాబట్టి ఏజెంటు నింపిన ఫారాన్ని చదవకుండా సంతకం పెట్టకండి, సమ్మరీ చదవకుండా ఆసుపత్రి గడప దాటకండి.”

ఆయన చెప్పినదాంట్లో తప్పు లేదు. అయితే సమ్మరీలోకి తప్పు ఎలా వచ్చి చేరుతుందో, చేరాక దాన్ని ఎలా సరిచేయించాలో ఆయన చెప్పలేదు. మిగిలిన సమయమంతా గడువులు, ఒరిజినల్ బిల్లులు, బ్యాంకు చెక్కు కాపీల గురించే సరిపోయింది. మీ ఫైలులో అవన్నీ సక్రమంగానే ఉండివుంటాయి. తేడా వచ్చింది ఒక్క వాక్యంలో.

ఆ వాక్యం ఎక్కడ పుడుతుందో ముందు చూద్దాం. రోగిని అర్ధరాత్రి క్యాజువాలిటీకి తెచ్చినప్పుడు డ్యూటీ డాక్టరు “బీపీ ఉందా, ఎప్పటినుంచి?” అని అడుగుతారు. రోగి మాట్లాడే స్థితిలో ఉండరు. వెంట వచ్చిన బంధువు, తనకు కచ్చితంగా తెలియకపోయినా, “ఎప్పటినుంచో ఉందండీ” అనేస్తారు. మన మాటల్లో ‘ఎప్పటినుంచో’ అంటే ఆర్నెల్లూ కావచ్చు, పదేళ్లూ కావచ్చు, కానీ కేస్ షీటులో ఒక అంకె పడాలి కనుక పడుతుంది. నాలుగో రోజున సమ్మరీ టైపు చేసేవారు ఆ అంకెనే ఎత్తి రాస్తారు. చికిత్సకు ఆ అంకెతో పెద్ద పని లేదు కాబట్టి పెద్ద డాక్టరు దాన్ని సరిచూడకుండా సంతకం చేసేస్తారు. బీమా కంపెనీకి మాత్రం ఆ అంకే ముఖ్యం.

నా దగ్గరకు వచ్చిన ఒక విజయవాడ కుటుంబం విషయంలో జరిగింది ఇంకా చిన్న పొరపాటు. క్యాజువాలిటీ నోటులో చేతిరాతతో 1.5 సంవత్సరాలు అని ఉంది. టైపు చేసిన సమ్మరీలో చుక్క ఎగిరిపోయి అది 15 అయింది. అదే కేస్ షీటులో నర్సు నింపిన తొలి పరిశీలన పత్రంలో ‘ఏడాదిన్నర’ అని అక్షరాల్లో ఉంది. ఆ రెండు పేజీలూ పక్కపక్కన పెట్టి పంపాక కంపెనీ తన నిర్ణయం మార్చుకుంది. సమ్మరీ ఒక్కటే పట్టుకుని వాదించి ఉంటే ఆ క్లెయిమ్ వచ్చేది కాదు.

కాబట్టి మీరు మొదట చేయవలసింది కంపెనీకి ఉత్తరం రాయడం కాదు, ఆసుపత్రి మెడికల్ రికార్డుల విభాగానికి వెళ్లి అమ్మగారి పూర్తి కేస్ షీటు నకలు రాతపూర్వకంగా అడగడం. రోగి గానీ, రోగి అధికారమిచ్చిన వ్యక్తి గానీ అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని వైద్యుల వృత్తి ప్రవర్తనపై 2002లో వచ్చిన నిబంధనలు చెబుతున్నాయి. నకలు చేతికి వచ్చాక క్యాజువాలిటీ నోటు, నర్సు పరిశీలన పత్రం, న్యూరాలజిస్టు మొదటిసారి చూసినప్పటి నోటు, ఈ మూడింటిలో బీపీ గురించి ఏం రాశారో విడివిడిగా చూడండి. మూడింటిలో మూడు రకాలుగా ఉంటే అదే మీకు మొదటి ఆధారం. అన్నింటిలోనూ పదేళ్లనే ఉంటే, ఆ సమాచారం ఎవరు ఇచ్చారన్న గడి చూడండి. రోగి కాక బంధువు చెప్పినట్టు ఉంటే దాని బలం తగ్గుతుంది.

రెండో ఆధారం 2024 నవంబరు నాటి మొదటి ప్రిస్క్రిప్షన్. అందులో బీపీ కొత్తగా గుర్తించినట్టు రాసి ఉన్నా, మందు తక్కువ మోతాదుతో మొదలుపెట్టినట్టు కనిపించినా మంచిదే. ఆ నెల నుంచి కొన్న మాత్రల బిల్లులు దొరికితే జతచేయండి. పాత బిల్లులు మన ఇళ్లలో ఉండవు గానీ, ఎప్పుడూ ఒకే మందుల షాపులో కొంటూ ఉంటే వారి కంప్యూటరులో ఫోన్ నంబరు మీద పాత కొనుగోళ్లు దొరకవచ్చు.

మూడోది కంపెనీ తానే చేయించిన పరీక్షల నివేదిక. దాని నకలు కంపెనీని అడిగి తీసుకోండి. 2023లో నమోదైన బీపీ కొలత మామూలుగా ఉంటే అది మీ వాదనకు బలం. కానీ దాని మీదే ఆధారపడకండి. మాత్రలు వాడుతున్నవారికి కూడా కొలత మామూలుగానే ఉంటుందని కంపెనీ అనగలదు. అందుకే దాన్ని మొదటి ప్రిస్క్రిప్షన్‌తో కలిపి చూపించాలి.

ఇక్కడ ఇంకొక ప్రశ్న రావచ్చు. ఆగస్టులో తీసిన ఎకో పరీక్షలో గుండె గోడ మందమైనట్టు ఉంటే, అది ఏళ్ల తరబడి ఉన్న బీపీకి గుర్తు కదా అని కంపెనీ వైద్యుడు అనవచ్చు. వైద్యపరంగా ఆ మాటను కొట్టిపారేయలేం. బీపీ ఏ బాధా లేకుండా ఏళ్లు గడపగలదు. అయితే బీమా నిబంధనల్లో ముందునుంచీ ఉన్న వ్యాధి అంటే, పాలసీ మొదలవడానికి ముందు నిర్ణీత కాలంలో వైద్యుడు గుర్తించినది, లేదా వైద్య సలహా గానీ చికిత్స గానీ పొందినది. ఒంట్లో ఉండి ఎవరికీ తెలియనిది ఆ నిర్వచనంలోకి రాదు. తెలియని సంగతిని దాచడమూ కుదరదు. మీ ఉత్తరంలో ఈ ఒక్క అంశాన్ని స్పష్టంగా రాయండి.

చికిత్స చేసిన డాక్టరు నుంచి సవరణ పత్రం కూడా కావాలి. సమ్మరీ మీద కొట్టివేతలు, దిద్దుబాట్లు చేయించవద్దు. అది అనుమానానికి తావిస్తుంది. ఆసుపత్రి లెటర్‌హెడ్ మీద, తేదీ, రిజిస్ట్రేషన్ నంబరు, సంతకం, ముద్రతో విడిగా ఒక పత్రం ఉండాలి. అందులో “రోగి పూర్వ చరిత్ర చేర్చే సమయంలో బంధువు నోటిమాటగా చెప్పిన ప్రకారం నమోదైంది. 2024 నవంబరు నాటి ప్రిస్క్రిప్షన్‌ను పరిశీలించిన మీదట బీపీ అప్పుడే మొదట గుర్తించినట్టు తెలుస్తోంది” అన్నంత వరకు ఉంటే చాలు. ఏ ఆధారం చూసి రాశారో డాక్టరు చెప్పడం ముఖ్యం. ఆ మాట లేకపోతే తిరస్కరణ తర్వాత బతిమాలి తెచ్చుకున్న కాగితంలా కనిపిస్తుంది.

మిమ్మల్ని నేను ఒకటి అడగాలి. 2025 మార్చి రెన్యువల్‌లో బీమా మొత్తం పెంచారా, లేక వేరే కంపెనీ నుంచి ఈ కంపెనీకి పాలసీ మార్చుకున్నారా? మామూలు రెన్యువల్ అయితే మధ్యలో వచ్చిన బీపీ వల్ల ఇబ్బంది లేదు. మొత్తం పెంచినా, కంపెనీ మారినా ఆరోగ్య ప్రశ్నలు మళ్లీ అడుగుతారు. అప్పటికి బీపీ ఉంది. ఆ ఫారంలో ‘లేదు’ అని పడి ఉంటే కథ మారిపోతుంది, పైన చెప్పిన వాదన నిలవదు. ఈ రోజుల్లో ఫోన్‌కు వచ్చిన ఓటీపీ చెప్పడమే సంతకం కనుక, ఆ ఫారం నకలు తెరిచి మీ కళ్లతో చూసుకోండి. అలాగే, నాకు రాసిన తేదీలు నిజమైనవన్న నమ్మకంతోనే ఇదంతా చెబుతున్నాను. పదేళ్ల బీపీ నిజమే అయితే ఏ సవరణ పత్రమూ తేవద్దు.

ఐదేళ్లు దాటితే కంపెనీ పాత విషయాలు తవ్వదని మేనేజరు గారు చెప్పినప్పుడు హాల్లో చప్పట్లు మోగాయి. అది నిజమే. 60 నెలలు విడవకుండా కట్టిన పాలసీలో, మోసం రుజువైతే తప్ప, చెప్పలేదన్న కారణంతో తిరస్కరించకూడదు. అమ్మగారు ఆసుపత్రిలో చేరేనాటికి మీ పాలసీకి 30 నెలలైనా నిండలేదు కాబట్టి ఆ రక్షణ మీకింకా రాలేదు.

కాగితాలు సిద్ధమయ్యాక కంపెనీ ఫిర్యాదుల అధికారికి ఈమెయిలుతో పాటు రిజిస్టర్డ్ పోస్టులో కూడా పంపండి. తిరస్కరణకు ఆధారమైన పాలసీ షరతు ఏదో చూపమని, క్లెయిముల సమీక్షా కమిటీ ఆమోదం ఉందా అని రెండు వాక్యాల్లో అడగండి. 2024 నుంచి ఆ కమిటీ ఆమోదం లేకుండా ఆరోగ్య క్లెయిమును తిరస్కరించకూడదన్న నియమం ఉంది. ఇదే ఫిర్యాదును బీమా నియంత్రణ సంస్థ వెబ్‌సైటు bimabharosa.irdai.gov.in లోనూ నమోదు చేస్తే దానికి ఒక నంబరు వస్తుంది, తేదీల మీద తర్వాత వివాదం ఉండదు.

నెల గడిచినా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు తృప్తిగా లేకపోయినా బీమా వివాదాలు పరిష్కరించే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు. ఆంధ్రప్రదేశ్‌కు సంబంధించిన కార్యాలయం హైదరాబాదులో ఉంది. ఫిర్యాదును cioins.co.in ద్వారా ఇంటి నుంచే పెట్టవచ్చు. రుసుము లేదు, లాయరు అక్కర్లేదు, 50 లక్షల వరకు వివాదాలు తీసుకుంటారు. కంపెనీ తుది తిరస్కరణ అందిన ఏడాదిలోపు వెళ్లాలి. పాలసీ అమ్మగారి పేరున ఉంటే ఫిర్యాదు మీద సంతకం కూడా ఆమెదే కావాలి, మీది కాదు. చేయి ఇంకా స్వాధీనంలోకి రాకపోయి ఉంటే వేలిముద్ర వేయించి, పక్కన సాక్షి సంతకం తీసుకోండి.