క్రాస్ ట్రైనర్ మీద 9 కిలోమీటర్లు... నేల మీద ఎన్ని?

ప్రశ్న: నాకు 56 ఏళ్లు. ఎత్తు 168 సెంటీమీటర్లు, బరువు 74 కిలోలు. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వాడుతున్నాను. డాక్టరు గారు రోజూ నాలుగు కిలోమీటర్లు నడవమన్నారు. మోకాళ్ల నొప్పి వల్ల బయట నడక మానేసి ఇంట్లో క్రాస్ ట్రైనర్ మీద 40 నిమిషాలు చేస్తున్నాను. మీటర్‌లో RPM 50 దగ్గర ఉంటుంది, చివరికి 9 కిలోమీటర్లు చూపిస్తుంది. చేతి వాచీ మాత్రం 2.8 కిలోమీటర్లే అంటోంది. ఏది నమ్మాలి? రెండు నెలల్లో అలిపిరి నుంచి తిరుమలకు నడిచి వెళ్లాలనుకుంటున్నాం. ఆ దారి కూడా దాదాపు 9 కిలోమీటర్లే అంటున్నారు, ఇబ్బంది ఉండదు కదా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: మీటర్ చెప్పే 9 కిలోమీటర్లను నడకగా లెక్కవేసుకోకండి. నలభై నిమిషాల్లో 9 కిలోమీటర్లంటే గంటకు పదమూడున్నర కిలోమీటర్ల వేగం. అదే వేగంతో నేల మీద సాగితే మారథాన్‌ను మూడు గంటల ఎనిమిది నిమిషాల్లో పూర్తి చేయవచ్చు. మోకాళ్ల నొప్పితో ఉన్న 56 ఏళ్ల మనిషి రోజూ సాయంత్రం అంత వేగంతో పరుగు తీస్తున్నాడంటే ఎవరూ నమ్మరు. వాచీ చెప్పే 2.8 కూడా నిజమైన కొలత కాదు. అయితే ఆ అంకె ఎలా వచ్చిందో చెప్పడం తేలిక కనుక దాని సంగతి తర్వాత చూద్దాం.

ముందుగా మీటర్‌కు నిజంగా ఏం తెలుస్తుందో చూడాలి. ఇళ్లలో వాడే చాలా క్రాస్ ట్రైనర్లలో, ప్లాస్టిక్ కవర్ లోపల పెడల్‌తో పాటు తిరిగే చక్రానికి చిన్న అయస్కాంతం, దాని పక్కనే ఒక సెన్సర్ ఉంటాయి. అయస్కాంతం సెన్సర్ ముందు నుంచి వెళ్లిన ప్రతిసారీ మీటర్‌కు ఒక సంకేతం అందుతుంది. కంపెనీవారు ముందే పెట్టిన ఒక అంకెతో ఆ సంకేతాలను హెచ్చించి, వచ్చిన దాన్ని కిలోమీటర్లుగా చూపిస్తారు. మీ అడుగు పొడవు ఎంతో, మీ బరువు ఎంతో, చక్రం తేలిగ్గా తిరుగుతోందో బిగువుగా తిరుగుతోందో ఆ దూరం లెక్కలోకి రావు.

దీన్ని మీరే పరీక్షించుకోవచ్చు. మీటర్‌ను సున్నా చేసి, బిగువు ఒకటో నంబరులో ఉంచి, కుడికాలు ముందుకు వచ్చిన ప్రతిసారీ ఒకటి అనుకుంటూ సరిగ్గా 50 చుట్లు తిప్పి దూరం రాసుకోండి. మళ్లీ సున్నా చేసి, ఈసారి బిగువు ఐదో ఆరో నంబరులో పెట్టి, నెమ్మదిగా అవే 50 చుట్లు తిప్పండి. రెండోసారి ఊపిరి ఎక్కువ ఆడుతుంది, తొడలు పట్టేస్తాయి. మీటర్ మాత్రం రెండుసార్లూ ఒకే అంకె చూపిస్తే, అది కొలుస్తున్నది చక్రం తిరుగుడునే తప్ప మీ శ్రమను కాదని తేలుతుంది. మీరు చెప్పిన లెక్క ప్రకారం అక్కడ 0.22 లేదా 0.23 కనిపించాలి.

ఇప్పుడు ఆ అంకెను విడదీద్దాం. నిమిషానికి 50 చొప్పున 40 నిమిషాలకు 2,000 చుట్లు. 9 కిలోమీటర్లను 2,000తో భాగిస్తే చుట్టుకు నాలుగున్నర మీటర్లు వస్తుంది. ఒక చుట్టు అంటే ఎడమకాలిది ఒకటి, కుడికాలిది ఒకటి, మొత్తం రెండు అడుగులు. అంటే మీరు అడుగుకు రెండుంపావు మీటర్లు వేస్తున్నారని మీటర్ అభిప్రాయం! మనిషి నడకలో అంత అంగ పడదు. కానీ మామూలు సైకిల్ పెడల్‌ను ఒక చుట్టు తొక్కితే, గేరు పళ్లను బట్టి, బండి నాలుగున్నర నుంచి ఐదు మీటర్లకు అటూ ఇటూగా ముందుకు పోతుంది. వ్యాయామ సైకిల్‌కు సరిపోయే లెక్కనే క్రాస్ ట్రైనర్‌ మీటర్‌లోనూ పెడితే వచ్చే అంకె సరిగ్గా ఇలాగే ఉంటుంది. యంత్రం చెడిపోలేదు, అది చూపుతున్నవి సైకిల్ కిలోమీటర్లు, అంతే.

అయితే మీ పాదం నిజంగా ఎంత దూరం కదిలింది? దీనికి కుట్టుపనిలో వాడే టేపు చాలు. ఒక పెడల్‌ను బాగా ముందుకు తెచ్చి, పాదం మడమ ఆనే చోటికి నేరుగా కింద నేల మీద సుద్దముక్కతో గీత పెట్టండి. అదే పెడల్‌ను బాగా వెనక్కి తీసుకెళ్లి మరో గీత పెట్టి, రెండింటి మధ్య దూరం కొలవండి. ఇళ్లలోని యంత్రాల్లో ఇది తరచుగా 30 నుంచి 40 సెంటీమీటర్లు ఉంటుంది, జిమ్‌లలోని పెద్ద యంత్రాల్లో 50 దాకా ఉండవచ్చు. మీది 40 అనుకుందాం. నడకలో నేల మీద ఆనిన పాదం శరీరంతో పోలిస్తే ఎంత వెనక్కి వెళితే శరీరం అంత ముందుకు సాగినట్టు. అందుచేత చుట్టుకు రెండు అడుగులు, 80 సెంటీమీటర్లు. 2,000 చుట్లకు 1.6 కిలోమీటర్లు. మీటర్ చూపిన దానిలో ఇది ఐదో వంతు కంటే తక్కువ.

ఈ లెక్క వేసేటప్పుడు చాలామంది ఒకచోట పొరబడతారు. కొన్ని మీటర్లు RPM బదులు SPM చూపిస్తాయి. మొదటిది నిమిషానికి చుట్లు, రెండోది నిమిషానికి అడుగులు. SPM 100 అంటే చుట్లు 50 మాత్రమే. తెర మీద ఏది రాసి ఉన్నా, గడియారం చూస్తూ ఒక నిమిషం పాటు కుడికాలిని లెక్కపెట్టుకోవడం నయం.

వాచీ 2.8 ఎలా చెప్పిందో ఇప్పుడు చూద్దాం. చేతులు కదిలే హ్యాండిల్స్ పట్టుకుంటే మణికట్టు ముందుకూ వెనక్కూ ఊగుతుంది కనుక వాచీ దాన్ని నడకే అనుకుని సుమారు 4,000 అడుగులు లెక్కపెట్టింది. వాటిని మీ ఎత్తును బట్టి ఊహించిన నడక అంగతో హెచ్చించింది. 168 సెంటీమీటర్ల మనిషికి ఆ అంగ సుమారు 70 సెంటీమీటర్లు. 4,000ను 0.7 మీటరుతో హెచ్చిస్తే 2.8 కిలోమీటర్లు. అడుగుల సంఖ్య సరిగ్గానే పట్టింది, అడుగు పొడవు మాత్రం యంత్రానిది కాక మీ నడకది తీసుకుంది. చేతులను మధ్యలోని కదలని కడ్డీ మీద పెట్టి చూడండి, అడుగుల సంఖ్య కూడా పడిపోవచ్చు.

ఇక్కడ మీకు సందేహం రావాలి: నలభై నిమిషాలు చెమటలు కక్కితే వచ్చింది కిలోమీటరున్నరేనా అని. పాదం కదిలిన దూరం అంతే. కానీ శ్రమ వేరు. నడకలో మీకు ఎదురుండని బిగువు యంత్రంలో ఉంటుంది, చేతులూ పనిచేస్తాయి. దానికి విరుద్ధంగా, బిగువు బాగా తగ్గిస్తే బరువైన చక్రం తన ఊపుతో తానే తిరుగుతూ పాదాన్ని మోసుకుపోతుంది. కాబట్టి షుగర్ కోసం చేసే వ్యాయామాన్ని నడకలోకి మార్చుకోవడానికి పాదం దూరం కంటే శ్రమ ఆధారంగా వేసే లెక్కే పనికివస్తుంది. దానికి మీరు ఒక్కసారైనా నేల మీద నడవాలి.

దగ్గర్లో 400 మీటర్ల ట్రాక్ ఉన్న కాలేజీ మైదానం ఉంటే మంచిది. లోపలి గీత వెంట, మోకాళ్లు సహకరించే మేరకు, కాస్త చురుగ్గా ఐదు చుట్లు నడిస్తే 2 కిలోమీటర్లు. పట్టిన సమయం రాసుకోండి. ఆగీ ఆగగానే మణికట్టు దగ్గర నాడిని 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చించండి. ఉదాహరణకు 25 నిమిషాలు పట్టి, 15 సెకన్లలో 27 కొట్టుకుంటే నాడి 108. మరుసటి రోజు అదే వేళకు యంత్రం మీద మీ మామూలు బిగువులో, RPM 50తో పది నిమిషాలు చేసి, ఆగిన వెంటనే అలాగే నాడి చూసుకోండి. రెండూ దాదాపు సమానంగా ఉండి, రెండుచోట్లా మాట్లాడగలిగి పాట మాత్రం పాడలేని స్థాయిలో ఆయాసం ఉంటే, యంత్రం మీద ఒక నిమిషం నేల మీద ఒక నిమిషంతో సమానం. 25 నిమిషాలకు 2 కిలోమీటర్లు కనుక 40 నిమిషాలకు 3.2 కిలోమీటర్లు. మీటర్‌లో 9 కనిపిస్తే నడకగా 3.2, అంటే మూడో వంతుకు కాస్త ఎక్కువ. డాక్టరు గారు చెప్పిన నాలుగు కిలోమీటర్లకు 50 నిమిషాలు చేయాలి, అప్పుడు మీటర్ 11.25 చూపిస్తుంది. మీ కొలతలు వేరుగా వస్తే ఈ అంకెల స్థానంలో వాటిని పెట్టుకోండి.

యంత్రం మీద నాడి తక్కువగా, ఉదాహరణకు 96 వస్తే, 96ను 108తో భాగించి దూరం తగ్గించుకోవద్దు. ఊరికే కూర్చున్నప్పుడు కూడా నాడి 70 పైన కొట్టుకుంటూనే ఉంటుంది కనుక ఆ నిష్పత్తికి అర్థం లేదు. బిగువు ఒక్కో నంబరు పెంచుతూ నాడి, ఆయాసం రెండూ నడకతో కలిసేదాకా చూసి, ఆ నంబరు దగ్గరే ఉండండి. బిగువు మార్చినా, యంత్రం మార్చినా ఈ లెక్క చెల్లదు, మళ్లీ చూసుకోవాలి. బీపీ కోసం అటెనొలాల్, మెటొప్రొలాల్ వంటి మాత్రలు వాడేవారిలో నాడి సరిగా పెరగదు కనుక వారు నాడిని వదిలేసి మాట, ఆయాసాన్నే ప్రమాణంగా తీసుకోవాలి.

నిజానికి మీ డాక్టరు గారు నాలుగు కిలోమీటర్లు అన్నప్పుడు ఆయన మనసులో ఉన్నది ముప్పావు గంట నుంచి యాభై నిమిషాల చురుకైన నడక అయి ఉండాలి. ఈసారి వెళ్లినప్పుడు కిలోమీటర్లు కాకుండా నిమిషాలు, బిగువు నంబరు, నాడి రాసిన కాగితం చూపండి. మందు మోతాదు నిర్ణయించడానికి ఆయనకు అదే పనికివస్తుంది.

అలిపిరి సంగతికి ఏ లెక్కా సరిపోదు. అక్కడ దాదాపు 3,550 మెట్లున్నాయి. ప్రతి మెట్టుకూ 74 కిలోలను మోకాలి మీదుగా పైకి ఎత్తాలి. క్రాస్ ట్రైనర్ మీద ఒక పాదం లేస్తే రెండోది దిగుతుంది, శరీరం మొత్తంగా ఎక్కడికీ ఎక్కదు, పాదం నేలను తాకే దెబ్బా ఉండదు. మీ మోకాళ్లకు ఆ యంత్రం హాయిగా ఉండటానికి కారణం అదే, మెట్లకు అది సిద్ధం చేయకపోవడానికీ కారణం అదే. ముందుగా మోకాళ్లను ఎముకల డాక్టరుకు చూపించి, ఆయన సరేనంటే మీ అపార్ట్‌మెంట్ మెట్లే రోజుకు 50తో మొదలుపెట్టి వారానికి కొంచెం చొప్పున పెంచుకుంటూ పోండి. మెట్లెక్కేటప్పుడు ఛాతీలో బిగుతు, దవడకో చేతికో పాకే నొప్పి, మామూలుకు మించిన ఆయాసం కనిపిస్తే అక్కడితో ఆపి గుండె డాక్టరును కలవాలి. షుగర్ ఉన్నవారికి అరికాళ్లలో స్పర్శ తగ్గే అవకాశం ఉంది కనుక, చెప్పులు లేకుండా ఎక్కాలనుకుంటే బయల్దేరే ముందే పాదాలకు స్పర్శ పరీక్ష చేయించుకోండి.