అర్ధాయువు లెక్క: గ్రాఫ్ దగ్గర ఎక్కడ తప్పుతోందంటే

అమ్మలూ,

నువ్వు ఫొటో తీసి పంపిన లెక్క చూశాను. సూత్రం నీకు బాగానే వచ్చు. గ్రాఫ్ చదివే దగ్గర, ఆ తర్వాత క్యాలిక్యులేటర్‌లో కొట్టే దగ్గర తేడా వస్తోంది. రేడియోధార్మిక అయోడిన్-131 రోజురోజుకీ ఎలా తగ్గుతుందో గ్రాఫ్ ఇచ్చి, అది సగమవడానికి పట్టే కాలం, అంటే అర్ధాయువు, అడిగిన ఆ లెక్కనే మళ్లీ ముందు పెట్టుకో.

ముందు నిలువు అక్షం మీద ఏం రాశారో చదువు. గీత 80 మిల్లీగ్రాముల దగ్గర మొదలై కిందికి దిగుతోంది, అంటే అది మిగిలిన పదార్థం. క్షయమైనది గీసి ఉంటే సున్నా నుంచి పైకి ఎక్కేది. ఇప్పుడు 80లో సగం, 40 దగ్గర స్కేలు అడ్డంగా పెట్టు. గీతను తాకిన చోటు నుంచి కిందికి వస్తే 8 రోజులు. అదే అర్ధాయువు. నువ్వేమో గీత అడుగున ఆగిపోయినట్టు కనిపించిన 40 రోజులు తీసుకుని సగం చేశావు. అక్కడ కూడా ఇంకా రెండున్నర మిల్లీగ్రాములు మిగిలే ఉంది తల్లీ!

ఒక్క రీడింగ్‌తో వదిలేయకు. 60 దగ్గర చూడు, సుమారు 3.3 రోజులు. 30 దగ్గర 11.3. మధ్య దూరం మళ్లీ 8. ఎక్కడ మొదలుపెట్టినా సగమవడానికి పట్టే కాలం ఒకటే. అలా రాలేదంటే గ్రాఫ్ తప్పు చదివావన్నమాట.

ఇక 20 రోజులకు ఎంత మిగులుతుంది? 16 రోజులకు 20, 24 రోజులకు 10 కాబట్టి నడుమన 15 అని రాశావు. చాలామంది అలాగే రాస్తారు. కానీ ఆ రెండు బిందువుల మధ్య గీత తిన్నగా పోదు, కిందికి వంగుతుంది. అందుకే జవాబు 15 కంటే తక్కువే రావాలి. ఇలా కొట్టు:

```
80*0.5^(20/8)
```

14.14 వస్తుంది. బ్రాకెట్లు మర్చిపోతే ముందు 0.5ని 20వ ఘాతానికి పెంచి, తర్వాత 8తో భాగిస్తుంది. దాదాపు సున్నా చూపిస్తుంది. ఈఏపీసెట్‌లో క్యాలిక్యులేటర్ ఉండదుగా, అక్కడ రెండున్నర అర్ధాయువులంటే రెండుసార్లు సగం చేసి, మిగిలిన అర అర్ధాయువు కోసం వచ్చిన 20ని √2తో, అంటే 1.414తో భాగించు.

మిగిలిన భాగం ఎంత అని మాత్రమే అడిగితే 80 జోలికే వెళ్లకు. 14.14ని 80తో భాగించినా, నేరుగా `0.5^(20/8)` కొట్టినా 0.177 వస్తుంది.

చివరి బిట్‌లో ‘8లో 7 వంతులు క్షయమైంది’ అన్నారు. నువ్వు 7/8ని మిగిలిన భాగంగా పెట్టావు, అందుకే రోజున్నర వచ్చింది. మిగిలింది 1/8. అంటే మూడుసార్లు సగమైంది, 24 రోజులు. క్షయమైంది అన్న మాట కనిపిస్తే ముందు ఒకటిలోంచి తీసేసి, వచ్చిన భిన్నాన్ని పక్కన రాసుకున్నాకే లెక్క మొదలుపెట్టు. ఆ బిట్ మళ్లీ చేసి సాయంత్రం ఫొటో పంపు.

మీ మామయ్య