యాభై మైళ్ల పరుగుకు ముందు మూడు వారాలు

చిరంజీవి అమ్మడికి, మామయ్య ఆశీస్సులతో వ్రాయునది.

నవంబరులో మేరీల్యాండ్‌లో జరిగే జేఎఫ్‌కే యాభై మైళ్ల పరుగుకు నువ్వు పేరిచ్చావని మీ అమ్మ చెప్పినప్పుడు ఎంత పొంగిపోయానో చెప్పలేను. ఆ వెంటనే, చివరి మూడు వారాల టేపర్‌ను, అంటే పందేనికి ముందు పరుగు తగ్గించుకుంటూ రావడాన్ని, మారథాన్‌కు చేసినట్టే చేస్తావేమోనన్న దిగులూ పట్టుకుంది.

మైళ్లు తగ్గించడం నీకు తెలిసినదే: వారానికి అరవై పరుగెత్తుతుంటే నలభై అయిదు, ముప్ఫై, చివరి వారం పది చాలు. మారథాన్‌లో వేగమే ప్రధానం కాబట్టి, మైళ్లు తగ్గినా పందెపు వేగంతో పరుగెత్తడం చివరిదాకా మానము. యాభై మైళ్లలో నీ వేగం రోజువారీ పరుగు కన్నా నెమ్మది, ఎత్తుల్లో నడకే. దానికి పదును పెట్టవలసిన అవసరం లేదు, తొడలను కాపాడుకోవాలి.

ఈ మాట నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. నా మొదటి ప్రయత్నంలో, పందేనికి తొమ్మిది రోజుల ముందు కాళ్లు తేలికగా అనిపించి, ఊరి దగ్గరి గుట్ట మీదికి ఆరుసార్లు ఎక్కి, ఆరుసార్లూ పరుగున దిగాను. మూడు రోజులు మెట్లు దిగలేకపోయాను. నాలుగో రోజుకు నొప్పి పోయింది కదా అని నమ్మాను. దిగేటప్పుడు తొడ కండరం సాగుతూనే బరువును ఆపవలసి వస్తుంది, అందువల్ల దాని పోగులు దెబ్బతింటాయి. నొప్పి తగ్గినంత మాత్రాన బలం తిరిగి వచ్చినట్టు కాదు. ఆ పందెపు దారిలో అప్పలాచియన్ ట్రైల్ అనే కొండబాట భాగం చివర, వెవర్టన్ దగ్గర, బాట మెలికలు తిరుగుతూ కిందికి దిగుతుంది. అక్కడ నా మోకాళ్లు వణకడం మొదలైంది. తరువాత ఇరవై ఆరు మైళ్ల కాలువ గట్టు పూర్తిగా చదునైనది, పరుగెత్తవలసిన చోటు. అక్కడ నేను చెట్ల మధ్య, చలిలో, ఒంటరిగా నడిచాను. నువ్వు అలా నడుస్తున్నట్టు ఊహించుకుంటేనే నాకు కడుపులో దేవినట్టు ఉంటుంది.

కాబట్టి గట్టి దిగుడు పరుగు మూడు వారాల ముందే, నీ ఆఖరి పెద్ద పరుగుతో పాటు ముగించు. కండరం ఒకసారి ఆ దెబ్బ తిని కోలుకుంటే, కొన్ని వారాలపాటు మళ్లీ అంతగా దెబ్బతినదు. ఆ రక్షణ పందెం నాటికి నిలిచే ఉంటుంది. తరువాత కొండ జోలికి వెళ్లకు. బరువులెత్తడం పది రోజుల ముందే మానెయ్యి. పొట్టి పరుగుల్లోనూ పందెంలో తినబోయేదే తిను, ఎందుకంటే పది గంటలపాటు నీ కడుపు కూడా పని చెయ్యాలి. రెండో వారంలో ఒళ్లు బరువెక్కినట్టు, లేని నొప్పులు పుట్టినట్టు అనిపిస్తుంది. దాన్ని పరీక్షించడానికని పరుగెత్తావంటే నేను ఒప్పుకోను, తల్లీ.

పందెం ముందు ఆదివారం మేడ మెట్లు మెల్లగా దిగి, మోకాలి పైన బొటనవేలితో నొక్కి చూడు. ఎక్కడైనా కలుక్కుమంటే ఆ వారం పరుగంతా మానేసి, ఆ పూటే నాకు ఫోన్ చెయ్యి.

మీ మామయ్య