పేరా మీ మాటల్లో రాశారా, పదాలు మాత్రమే మార్చారా?

ప్రశ్న: సార్, ప్రాజెక్ట్ రిపోర్ట్‌లో ఎస్ఎస్‌డీ గురించి ఒక పేరా నా మాటల్లో రాసిచ్చాను. గైడ్ చూసి "నువ్వు అర్థం చేసుకుని రాసింది కాదిది, పదాలు మార్చావంతే" అని తిప్పి పంపారు. ఒక్క వాక్యం కూడా కాపీ లేదు. ఇంకేం మార్చాలి? అసలు పేరా, నేను రాసింది రెండూ పంపుతున్నా.

జవాబు: ముందు రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం. అసలు పేరా ఇది:

"నాండ్ ఫ్లాష్‌లో రైట్ పేజీ స్థాయిలో, ఎరేజ్ బ్లాక్ స్థాయిలో జరుగుతాయి. ఒకసారి రాసిన పేజీని ఎరేజ్ చేయకుండా తిరిగి రాయడం సాధ్యం కానందున కంట్రోలర్ సవరించిన డేటాను వేరొక పేజీలో రాసి పాత పేజీని ఇన్‌వాలిడ్‌గా గుర్తిస్తుంది. ఖాళీ బ్లాకుల సంఖ్య తగ్గినప్పుడు గార్బేజ్ కలెక్షన్ వాలిడ్ పేజీలను మరొక బ్లాకుకు తరలించి పాత బ్లాకును ఎరేజ్ చేస్తుంది. తత్ఫలితంగా రైట్ యాంప్లిఫికేషన్ పెరుగుతుంది. ట్రిమ్ కమాండ్ సాధారణంగా దీనిని తగ్గిస్తుంది."

మీరు రాసింది:

"నాండ్ ఫ్లాష్‌లో రాయడం పేజీ లెవెల్‌లో, డిలీట్ చేయడం బ్లాక్ లెవెల్‌లో ఉంటాయి. రాసిన పేజీని డిలీట్ చేయకుండా మళ్ళీ రాయలేం కాబట్టి కంట్రోలర్ మార్చిన సమాచారాన్ని ఇంకో పేజీలో పెట్టి పాతదాన్ని పనికిరానిదిగా మార్క్ చేస్తుంది. ఫ్రీ బ్లాకులు తక్కువైనప్పుడు గార్బేజ్ కలెక్షన్ మంచి పేజీలను వేరే బ్లాకులోకి పంపి పాత బ్లాకును డిలీట్ చేస్తుంది, అందువల్ల రైట్ యాంప్లిఫికేషన్ ఎక్కువవుతుంది. ట్రిమ్ కమాండ్ అనవసర డేటాను డిలీట్ చేసి దీన్ని తగ్గిస్తుంది."

అక్కడ ఐదు వాక్యాలు, ఇక్కడ రెండిటిని కలిపేసి నాలుగు, అదే వరుస, "కానందున" వచ్చిన చోట "కాబట్టి", "తత్ఫలితంగా" వచ్చిన చోట "అందువల్ల". మీ గైడ్ పట్టుకున్నది ముందు ఇదే అయ్యుంటుంది. కానీ నాకు దీనికంటే పెద్దగా కనిపించింది ఇంకోటి, పదాలు మార్చడంలో మూడు చోట్ల విషయమే తప్పైపోయింది.

ఎరేజ్ తీసేసి డిలీట్ పెట్టారు. మామూలు మాటల్లో రెండూ ఒకటే, ఎస్ఎస్‌డీలో మాత్రం పూర్తిగా వేర్వేరు పనులు. డిలీట్ అనేది మీరు ఫైల్ తీసేసినప్పుడు ఆపరేటింగ్ సిస్టమ్ చేసే పని, తన లెక్కల పుస్తకంలో "ఈ జాగా ఇప్పుడు ఖాళీ" అని రాసుకుంటుంది, అంతే. ఎరేజ్ అంటే ఫ్లాష్ చిప్‌లో ఒక బ్లాక్ మొత్తాన్ని మళ్ళీ రాయడానికి వీలుగా ఖాళీ స్థితికి తేవడం, అది కంట్రోలర్ చేస్తుంది. ఫైల్ డిలీట్ అయ్యాక కూడా దాని డేటా చిప్‌లో ఎరేజ్ కాకుండా చాలాసేపు ఉండొచ్చు. రెండోది, వాలిడ్ పేజీల్ని "మంచి పేజీలు" అన్నారు. వాలిడ్ అంటే అందులో ఉన్న డేటా ఇంకా అవసరం అని, ఆ పేజీ కండిషన్ బాగుందని కాదు (చెడిపోయిన బ్లాకులు అనేది వేరే కథ, చదివేవాళ్ళు దాంతో కలిపేసుకుంటారు). మూడోది ట్రిమ్, అది ఏదీ డిలీట్ చెయ్యదు, ఎరేజ్ కూడా చెయ్యదు. దీని గురించి కింద వివరంగా చెప్తాను, ఈ పేరాలో అసలు ప్రాణం అక్కడే ఉంది.

అందుకని ఇంకేం మార్చాలి అని పదాల కోసం వెతకొద్దు. అసలు పేరా మూసేసి, అందులో చెప్పిన పని ఒక్కసారి మీ చేత్తో కాగితం మీద జరిపించి చూడండి, అంకెలు పెట్టుకుని. నేను చేసి చూపిస్తా.

ఒక పేజీ 16 కేబీ, ఒక బ్లాక్‌లో 256 పేజీలు అనుకుందాం, అంటే బ్లాక్ 4 ఎంబీ. (డ్రైవ్‌ని బట్టి ఇవి మారతాయి, మనకి లెక్క కోసం చాలు.) ఈ బ్లాక్ పూర్తిగా నిండిపోయింది. తర్వాత మీరు కొన్ని ఫైళ్ళు ఎడిట్ చేశారు, కొత్త వెర్షన్లు వేరే బ్లాకుల్లోకి వెళ్ళాయి, ఇక్కడ 64 పేజీలు ఇన్‌వాలిడ్ అయ్యాయి, 192 ఇంకా వాలిడ్. ఇప్పుడు కంట్రోలర్‌కి జాగా కావాలి. ఆ 64 పేజీలు మాత్రమే ఎరేజ్ చేసుకుంటే సరిపోతుంది కదా అనిపిస్తుంది, కానీ ఎరేజ్ బ్లాక్ మొత్తానికే అవుతుంది, విడిగా పేజీకి అవ్వదు. కాబట్టి 192 పేజీల్ని ఒక ఖాళీ బ్లాక్‌లోకి కాపీ చేసి అప్పుడు పాత బ్లాక్ ఎరేజ్ చెయ్యాలి. కొత్త బ్లాక్‌లో ఇక మిగిలింది 64 పేజీలే, మీ కొత్త డేటా అందులో పడుతుంది. మీరు రాయమన్నది 64 పేజీలు, చిప్ మీద నిజంగా రాసింది 192 ప్లస్ 64, అంటే 256. 256ని 64తో భాగిస్తే 4. రైట్ యాంప్లిఫికేషన్ అంటే ఈ 4 అన్నమాట. ఇది చేతికొచ్చాక "రైట్ యాంప్లిఫికేషన్ ఎక్కువవుతుంది" అనే వాక్యం మీరు వేరేవాళ్ళ దగ్గర అరువు తెచ్చుకోనక్కర్లేదు, ఎందుకు పెరుగుతుందో మీకే తెలుసు.

ఇప్పుడు ట్రిమ్. ఆ 192 వాలిడ్ పేజీల్లో 128 పేజీలు మీరు నిన్న డిలీట్ చేసిన వీడియోవి అనుకోండి. ఆపరేటింగ్ సిస్టమ్‌కి ఆ సంగతి తెలుసు, డ్రైవ్‌కి తెలీదు. డ్రైవ్ వైపు నుంచి చూస్తే ఒక పేజీ ఇన్‌వాలిడ్ అయ్యేది అదే అడ్రస్‌కి మళ్ళీ కొత్త డేటా రాయమని చెప్పినప్పుడే, అప్పటిదాకా అది వాలిడ్ కిందే లెక్క, కాబట్టి ఎవరికీ అక్కర్లేని ఆ వీడియోని కంట్రోలర్ ఎంతో జాగ్రత్తగా ఒక బ్లాక్ నుంచి ఇంకో బ్లాక్‌కి మోస్తూనే ఉంటుంది. ట్రిమ్ చేసే పని "ఈ అడ్రసుల్లో ఉన్నది ఇక మాకు అవసరం లేదు" అని డ్రైవ్‌కి కబురు పంపడం. కబురు అందాక కాపీ చెయ్యాల్సినవి 64 పేజీలే, కొత్త డేటాకి 192 పేజీల జాగా దొరుకుతుంది, 256ని 192తో భాగిస్తే దాదాపు 1.33. నాలుగు నుంచి ఇంతకి దిగింది.

అసలు పేరాలో చివరి వాక్యానికి, దాని ముందు వాక్యానికి మధ్య ఒక మెట్టు లేదని ఇప్పుడు కనిపిస్తుంది చూడండి. డిలీట్ సంగతి డ్రైవ్‌కి తెలీదు అనే మాట అందులో ఎక్కడా లేదు, తెలిసినవాళ్ళ కోసం రాసిన పేరా కాబట్టి వదిలేశారు. పదాలు మార్చేవాళ్ళకి ఆ ఖాళీ కనపడదు, మీకూ కనపడలేదు, అందుకే అక్కడ "అనవసర డేటాను డిలీట్ చేసి" అని ఊహించి నింపారు. దట్టమైన టెక్నికల్ పేరా ఎప్పుడు తీసుకున్నా ఇలాంటి వదిలేసిన మెట్లు ఒకటో రెండో ఉంటాయి, "దీనివల్ల", "దీనిని" అని వచ్చిన ప్రతిచోటా ఆగి, ఎలా అని అడిగితే దొరుకుతాయి. ఆ మెట్టు ఇంకో డాక్యుమెంట్ చూసి నింపితే దాని పేరు కూడా రిపోర్ట్‌లో ఇవ్వాలి.

మీ సిస్టమ్ మీదే దీన్ని చూసుకోవచ్చు. విండోస్‌లో అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఇది కొట్టండి:

```
fsutil behavior query DisableDeleteNotify
```

0 వస్తే విండోస్ ట్రిమ్ పంపుతోందని అర్థం. లైనక్స్ అయితే:

```
sudo fstrim -v /
```

ఇది ఎంత జాగా ట్రిమ్ అయ్యిందో చూపిస్తుంది. ఆ అంకె చూసి మిమ్మల్ని మీరు అడగండి: అంత డేటా ఇప్పుడే ఎరేజ్ అయిపోయిందా? కాదు, అంత జాగా గురించి డ్రైవ్‌కి సమాచారం వెళ్ళింది, ఎరేజ్ ఎప్పుడు చెయ్యాలో కంట్రోలర్ ఇష్టం. ఈ ప్రశ్నకి వెతుక్కోకుండా జవాబు వచ్చిందంటే రాయడానికి రెడీ అయినట్టే. ఇంకో ప్రశ్న, పేజీ స్థాయిలోనే ఎరేజ్ అయ్యేట్టుంటే ఏమయ్యేది? వాలిడ్ పేజీల్ని మోసే అవసరమే ఉండదు, పేరాలో సగం కథ మాయమవుతుంది. అంటే మిగతాదంతా పుట్టింది మొదటి వాక్యంలోని ఆ తేడా నుంచే.

అప్పుడు నేనైతే ఇలా రాస్తాను:

"ఎస్ఎస్‌డీలో చిక్కంతా ఒక సైజు తేడాతో మొదలవుతుంది: డేటాని చిన్న పేజీల్లో రాయొచ్చు, కానీ ఎరేజ్ చెయ్యాలంటే వందల పేజీలున్న బ్లాక్ మొత్తం చెయ్యాలి. ఫైల్ మారినప్పుడు పాత పేజీ మీదే రాయడం కుదరదు, కొత్త వెర్షన్ ఇంకో పేజీకి వెళ్తుంది, పాతది ఇన్‌వాలిడ్‌గా అక్కడే ఉండిపోతుంది. ఆ జాగా తిరిగి కావాలంటే, అదే బ్లాక్‌లో ఇంకా వాలిడ్‌గా ఉన్న పేజీల్ని ముందు వేరేచోటికి కాపీ చెయ్యాలి. యూజర్ అడగని ఈ కాపీల వల్లే చిప్ మీద రాసేది యూజర్ రాసినదానికంటే ఎక్కువవుతుంది, దీన్నే రైట్ యాంప్లిఫికేషన్ అంటారు. డిలీట్ చేసిన ఫైళ్ళ పేజీల్ని కూడా డ్రైవ్ వాలిడ్ అనుకుని మోస్తుంది. ఏవి అక్కర్లేదో ట్రిమ్ ద్వారా ఆపరేటింగ్ సిస్టమ్ చెప్తే ఆ కాపీలు తప్పుతాయి కాబట్టి సాధారణంగా యాంప్లిఫికేషన్ తగ్గుతుంది."

పేజీ, బ్లాక్, ఎరేజ్, వాలిడ్, ట్రిమ్ ఇవన్నీ అలాగే ఉంచాను, వాటిని మార్చకూడదు కూడా. సిమిలారిటీ రిపోర్ట్‌లో శాతం పెరుగుతుందని భయపడి ఇలాంటి టెక్నికల్ పేర్లకి పర్యాయపదాలు వెతుకుతారు చాలామంది, ఆ సాఫ్ట్‌వేర్ అక్షరాల పోలిక చూస్తుంది తప్ప మీకు అర్థమైందో లేదో చెప్పదు, గైడ్ మాత్రం చెప్పగలరు. మారింది కథ నడిచే దారి. కారణం ముందుకొచ్చింది, గార్బేజ్ కలెక్షన్ అనే పేరు నేను వాడలేదు, ఎందుకంటే ఆ పని ఏంటో చెప్పేశాను, మీ రిపోర్ట్‌లో ముందు పేజీల్లో ఆ పేరు వస్తుంటే పెట్టుకోండి.

రాశాక మాత్రమే అసలు పేరా మళ్ళీ తెరవండి, ఈసారి సరిపోల్చడానికి. ముఖ్యంగా చూడాల్సినవి "సాధారణంగా", "కొన్నిసార్లు" లాంటి చిన్న మాటలు. మీరు ట్రిమ్ దగ్గర "సాధారణంగా" వదిలేశారు, దాంతో ట్రిమ్ ఉంటే ప్రతిసారీ తగ్గి తీరుతుందని చెప్పినట్టయింది. డిలీట్లే లేకుండా ఉన్న ఫైళ్ళనే పదేపదే మార్చి రాసే పనిలో ట్రిమ్‌కి చెప్పడానికి పెద్దగా ఏమీ ఉండదు, లాభం కూడా అంతంతే. అలాగే ఒరిజినల్‌లో లేని విషయం ఏదైనా మీ వెర్షన్‌లో దూరిందేమో చూసుకోండి. ఇంత చేసి మీ మాటల్లో రాసినా సోర్స్ పేరు ఇవ్వాల్సిందే, విషయం వాళ్ళ దగ్గర్నుంచే వచ్చింది కదా. స్టాండర్డ్ డాక్యుమెంట్లలో నిర్వచనాలు ఉంటాయి, ఒక్క పదం మారినా అర్థం మారేవి, వాటిని మాత్రం మీ మాటల్లో రాయకుండా కొటేషన్‌లో యథాతథంగా పెట్టి కింద మీ వివరణ రాయండి.