అప్పగింత పత్రంలో ఫోల్డర్ల పట్టిక కంటే ముందు రాయవలసినది

ప్రశ్న: డాక్యుమెంటరీ ఎడిటింగ్ సగంలో ఉండగా నేను మరో పనికి వెళుతున్నాను. నా స్థానంలో వచ్చే ఎడిటర్‌కు ఫోల్డర్లు, ఫైల్ పేర్ల గురించి ఏం రాసిపెట్టాలి?

కెమెరా ఇచ్చిన ఫైల్ పేర్లను మార్చలేదని, కార్డులను ఒకదానిలో ఒకటి కలపలేదని మొదటి వాక్యంలోనే రాయండి. అలా రాయలేని పరిస్థితి ఉంటే, ముందు దానిని సరిచేయండి.

పోచంపల్లి చేనేతపై తీసిన ఒక చిత్రం సగంలో నా చేతికి వచ్చినప్పుడు, పత్రంలో ఉన్నది "రషెస్ అన్నీ ఒకే ఫోల్డర్‌లో ఉన్నాయి" అన్న ఒక్క మాట. షూటింగ్‌కు రెండు సోనీ కెమెరాలు వాడారు. రెండింటిలోనూ క్లిప్పులు C0001.MP4 నుంచే మొదలయ్యాయి. నా కంప్యూటర్‌లో డ్రైవ్ అక్షరం మారినందున ప్రీమియర్ ఫైళ్లు ఎక్కడున్నాయని అడిగింది. నేను ఒక C0014.MP4ను చూపగానే, మిగిలినవాటిని అది పేరును బట్టి తానే వెతికి కలుపుకుంది. మాట వేరే రికార్డర్‌లోనిది కనుక అద్దకం పనివారి గొంతు సరిగానే వినిపించింది, కానీ తెరపై పెదవులు కదుపుతున్నది మగ్గం మీది మరొకరు. ఇంటర్వ్యూలో ఎక్కువ భాగాన్ని నూలు, రంగుల షాట్లు కప్పి ఉంచినందున రెండు రోజుల వరకు నేను గమనించలేదు. ఫైళ్లు ఎక్కడున్నాయని ప్రీమియర్ అడిగిన పెట్టెలో Media Start గడిని కూడా ఎంచుకుని ఉంటే, టైమ్‌కోడ్ తేడా వల్ల ఈ పొరపాటు జరిగేది కాదు.

అప్పటి నుంచి నేను కార్డును లోపలి ఫోల్డర్లతో సహా యథాతథంగా కాపీ చేసి, పై ఫోల్డర్‌కు మాత్రమే తేదీ, కెమెరా, కార్డు సంఖ్యలతో పేరు పెడుతున్నాను:

```
20230214_B_003/PRIVATE/M4ROOT/CLIP/C0014.MP4
20230611_CUT_v14.prproj
```

సంవత్సరం ముందు ఉంటే ఫైళ్లు వాటంతట అవే వరుసలో నిలుస్తాయి. "ఫైనల్" అన్న మాటను మాత్రం పేర్లలోకి రానీయకండి; నిర్మాతలు ఆ మాటను వారానికి రెండుసార్లు వాడతారు, ఎడిటర్ దానిని నమ్మి ఫైల్‌కు పెట్టకూడదు.

నియమాలను కొత్తవారు ఫోల్డర్లు చూసి గ్రహించగలరు. మినహాయింపులు మాత్రం మీ తలలోనే ఉంటాయి కనుక పత్రంలో సింహభాగం వాటికే ఇవ్వండి. ఉదాహరణకు, ఒక కార్డులో కెమెరా గడియారం తప్పు తేదీ చూపుతోందని, ఫోల్డర్ మీది తేదీని షూటింగ్ నోట్స్ నుంచి తీసుకున్నారని రాయాలి. తన ముఖం చూపవద్దన్న మహిళ క్లిప్పులు ఏవో, ఆమె ఆ మాట ఎప్పుడు చెప్పిందో రాయాలి. ప్రస్తుతం పని జరుగుతున్న ప్రాజెక్టు ఏదో ఒక్కదానినే పేర్కొనాలి.

వెళ్లే ముందు డ్రైవ్‌ను మరో కంప్యూటర్‌కు తగిలించి, కేవలం ఆ పత్రం చేత పట్టుకుని ప్రాజెక్టును తెరవమని మీ స్థానంలో వచ్చే ఎడిటర్‌నే కోరండి. నేను అలా చేయించిన రోజున ఒక ఫైల్ మాత్రం దొరకలేదు. సంగీతం ట్రాకును నా డెస్క్‌టాప్ మీదే వదిలేశాను.