పొయ్యి పన్ను జాబితాలో ఒక ఇంటి కథ

ప్రశ్న: 17వ శతాబ్దపు ఇంగ్లండ్ పొయ్యి పన్ను జాబితాలో ఒక వితంతువు పేరు పక్కన 1662లో 3 పొయ్యిలు, 1664లో 2 అని ఉంది. ఆమె ఆస్తి తగ్గిందనుకోవచ్చా?

అంత తొందరగా అనుకోలేం. ఆ పన్ను 1662 నుంచి 1689 దాకా వసూలైంది. ఒక్కో పొయ్యికి ఏడాదికి 2 షిల్లింగులు, రెండు విడతల్లో కట్టాలి. అంటే ఒక పొయ్యిని ఇటుకలతో మూసేస్తే అంత డబ్బు మిగిలినట్టే. కాబట్టి ముందు ఆ వరుసలో "మూసేశారు" అనే మాట ఏమైనా రాసి ఉందేమో చూడండి. తర్వాత అదే వీధిలో మిగతా ఇళ్ల అంకెలు చూడండి. అందరివీ కలిసి మారితే, మారింది ఇళ్లు కాదు, లెక్క రాసిన మనిషో పద్ధతో అయి ఉండొచ్చు.

ధైర్యంగా చెప్పగలిగేది ఒకటే: 1662లో ఆ ఇంట్లో కనీసం మూడు చోట్ల మంట పెట్టుకునే వీలుందని అధికారులు లెక్కేశారు. మూడూ రోజూ వెలిగాయని కాదు. కట్టెలు కొనే స్తోమత వేరే సంగతి.

ఇంట్లో ఎంతమంది ఉన్నారో ఈ జాబితా చెప్పదు. ఇంటిపెద్ద పేరే రాస్తారు కాబట్టి పిల్లలు, పనివాళ్లు కనబడరు. పొయ్యిలు ఎక్కువుంటే డబ్బున్న ఇల్లనీ కాదు, అది సత్రం కావచ్చు. ఇంకో చిక్కు, నిరుపేదలకు మినహాయింపు ఉండేది. కొన్ని జాబితాల్లో వాళ్ల పేర్లే ఉండవు. ఆమె మరణానంతర ఆస్తిపట్టీ దొరికితే గదుల లెక్క అక్కడ సరిచూసుకోవచ్చు.